ముప్పై వేల కోట్ల ‘చిన్న’ కంపెనీ

ముప్పై వేల కోట్ల రూపాయల విలువ చేసే కంపెనీని చిన్న కంపెనీ అంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మన షేరు మార్కెట్ మాత్రం అలాగే అంటుంది. 2024 డిసెంబరుతో ముగిసిన ఆరు నెలల లెక్క ప్రకారం వేసిన జాబితాలో, 250వ స్థానంలో ఉన్న కంపెనీ విలువ దాదాపు 33 వేల కోట్లు. ఆ కింద ఉన్నవన్నీ స్మాల్ క్యాప్ కిందికే వస్తాయి. తమాషా ఏమిటంటే, 2017 చివర్లో ఇదే లెక్క వేసినప్పుడు నూరో స్థానంలో ఉన్న కంపెనీ విలువ 29 వేల కోట్ల దగ్గర ఉంది. అప్పట్లో లార్జ్ క్యాప్ అనిపించుకోవడానికి సరిపోయిన విలువ ఏడేళ్లు తిరిగేసరికి మిడ్ క్యాప్‌కు కూడా చాల్లేదన్నమాట.

దీనికి కారణం ఈ పేర్లు కంపెనీ సైజు మీద పెట్టినవి కాకపోవడమే. పెట్టింది వరుస మీద. ఒక కంపెనీకి ఉన్న మొత్తం షేర్లను షేరు ధరతో గుణిస్తే వచ్చేది దాని మార్కెట్ విలువ. దేశంలోని లిస్టెడ్ కంపెనీలన్నిటినీ ఆ విలువ ప్రకారం పై నుంచి కిందికి పేర్చి, మొదటి వంద లార్జ్ క్యాప్, 101 నుంచి 250 దాకా మిడ్ క్యాప్, 251 నుంచి మిగిలినవన్నీ స్మాల్ క్యాప్ అని 2017 అక్టోబరులో సెబీ గీతలు గీసింది. అంతకు ముందు ఏ ఫండ్ సంస్థకు ఆ సంస్థ లెక్క. ఒకరు మిడ్ క్యాప్ అన్నదాన్ని ఇంకొకరు లార్జ్ క్యాప్ అనేవారు, కొన్నవారికి ఏది ఏదో తెలిసేది కాదు. ఇప్పుడు మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘం ఆంఫీ ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబరు నెలలు ముగియగానే, గత ఆరు నెలల సగటు విలువతో కొత్త జాబితా వేస్తుంది. అది ఆంఫీ వెబ్‌సైట్‌లో ఎవరైనా దింపుకోవచ్చు.

జాబితా మొత్తం చూస్తే ఇంకో సంగతి కళ్లకు కడుతుంది. పైన ఉన్న వంద కంపెనీలే మార్కెట్ మొత్తం విలువలో సగానికి పైగా మోస్తుంటాయి. అడుగున వేల కంపెనీలు మిగిలిన కొంచెం విలువను పంచుకుంటాయి. కాబట్టి స్మాల్ క్యాప్ అనేది ఒక జాతి పేరు కాదు. 260వ స్థానంలో దేశమంతా దుకాణాలున్న కంపెనీ ఉండొచ్చు, 2,600వ స్థానంలో ఒక షెడ్డు, నాలుగు యంత్రాలతో నడిచే కంపెనీ ఉండొచ్చు. రెంటికీ ఒకటే పేరు. స్మాల్ క్యాప్ లాభాలు, నష్టాల గురించి ఎవరు మాట్లాడినా ఏ మెట్టు మీది కంపెనీ గురించి మాట్లాడుతున్నారో అడగడం న్యాయం.

అయినా మొత్తమ్మీద చిన్న కంపెనీలు వేగంగా పెరుగుతాయనీ, అంత వేగంగానూ పడతాయనీ అందరూ అంటారు. అది నిజమే. ఎందుకు నిజమో తెలియాలంటే ఒక కంపెనీని దగ్గరగా చూడాలి. మన గోదావరి జిల్లాల చెరువు గట్ల మీద పుట్టి పెరిగిన అవంతి ఫీడ్స్ అందుకు సరిగ్గా సరిపోతుంది.

అవంతి ప్రధాన వ్యాపారం రొయ్యల మేత. కొవ్వూరు ప్రాంతంలో ఫ్యాక్టరీలు, హైదరాబాద్‌లో ఆఫీసు. 2010 ప్రాంతంలో దాని మార్కెట్ విలువ వంద కోట్ల రూపాయలకు కూడా తక్కువే. అంతకు ముందు పదిహేనేళ్లు తెల్లమచ్చ తెగులు టైగర్ రొయ్యను, దాన్ని నమ్ముకున్న రైతుల్ని కుదేలు చేసింది. మేత అమ్మేవాడి బతుకు రైతు చెరువు మీదే కదా. అప్పుడు రెండు మార్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 2009లో వనామి రొయ్య సాగుకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. తెగుళ్లు లేని తల్లి రొయ్యల నుంచి తీసిన పిల్ల, ఎకరానికి ఎక్కువ దిగుబడి, తక్కువ కాలంలో పట్టుబడి. రెండు మూడేళ్లకు థాయ్‌లాండ్ చెరువుల్లో రొయ్యపిల్లలు చిన్నప్పుడే గుంపులు గుంపులుగా చచ్చిపోయే జబ్బు వ్యాపించింది. ప్రపంచ మార్కెట్‌లో సరుకు కొరత వచ్చింది. అమెరికా కొనుగోలుదార్లు మన తీరం వైపు తిరిగారు. వరి చేలు చెరువులయ్యాయి.

రొయ్య సాగు ఖర్చులో సగమో, అంతకంటే ఎక్కువో మేతకే పోతుంది. కిలో రొయ్య పెరగడానికి కిలోకు మించి మేత కావాలి. ఇక లెక్క మీరే వేసుకోవచ్చు. చెరువుల విస్తీర్ణం రెండింతలైతే మేత అమ్మకం రెండింతలవుతుంది. అవంతి అమ్మకాలు ఏటేటా దూకుతూ 2017–18కి మూడు వేల కోట్లు దాటాయి. షేరు ఇంకా ముందుకు పరిగెత్తింది. 2017 నవంబరులో శిఖరం మీద ఉన్నప్పుడు కంపెనీ మార్కెట్ విలువ దాదాపు 13 వేల కోట్లు. ఏడేళ్లలో వందరెట్లకు పైమాట. ఆ రోజు ధరతో చూస్తే మిడ్ క్యాప్ గీత కూడా దాటినట్టే.

చిన్న కంపెనీ పెరుగుదల ఎలా ఉంటుందో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. రెండు వందల కోట్ల అమ్మకాలున్న కంపెనీ నాలుగు వందల కోట్లకు చేరాలంటే ఒక జిల్లా రైతులు పంట మార్చుకుంటే చాలు. లక్ష కోట్ల అమ్మకాలున్న కంపెనీ రెండు లక్షల కోట్లకు చేరాలంటే దేశం కొనుగోలు శక్తి పెరగాలి, లేదా అది ఒక కొత్త రంగాన్నే నిర్మించుకోవాలి. లార్జ్ క్యాప్ నిదానంగా పెరగడానికి తెలివి తక్కువై కాదు, దాని ముందున్న ఖాళీ తక్కువై.

శిఖరం తర్వాత అవంతికి ఏమైందో చూడండి. 2018లో అంతర్జాతీయ మార్కెట్‌లో రొయ్య ధర పడింది. వంద కౌంటు రొయ్యకు పెట్టుబడి కూడా రావడం లేదని రైతులు చెరువుల్లో పిల్ల వదలడం తగ్గించారు. అదే సమయంలో మేతలో వేసే సోయా పిండి, చేపల పిండి ధరలు మండిపోయాయి. రైతు కష్టంలో ఉన్నప్పుడు మేత ధర పెంచడం కుదరదు, పెంచితే పక్క కంపెనీ బస్తా కొంటాడు. అమ్మకాలు పెద్దగా తగ్గకపోయినా 2018–19లో లాభం మూడో వంతు దాకా కరిగిపోయింది. షేరు అంతదాకా ఆగలేదు. శిఖరం నుంచి ఏడాది తిరక్కుండానే సగానికి పైగా పోయింది.

లాభం మూడో వంతు తగ్గితే షేరు సగానికి పైగా ఎందుకు పడాలి? ఎందుకంటే శిఖరం మీద కొన్నవాడు ఆ ఏడాది లాభాన్ని కొనలేదు. వచ్చే పదేళ్లు కూడా పెరుగుదల ఇలాగే ఉంటుందన్న ఆశను కొన్నాడు. లాభం తగ్గగానే లాభం ఒక దెబ్బ, ఆశ ఇంకో దెబ్బ, రెండూ ధర మీదే పడ్డాయి. స్మాల్ క్యాప్‌లో జనం పోగొట్టుకునే డబ్బులో కంపెనీ మునిగి పోయేదాని కంటే ఇలా మంచి కంపెనీని మండే ధరకు కొని పోయేదే ఎక్కువని నా అభిప్రాయం. అవంతి మునగలేదు. అప్పుల ఊబిలో దిగలేదు. తర్వాత అమ్మకాలు ఇంకా పెరిగాయి కూడా. అయినా నేటి గీతల ప్రకారం అది స్మాల్ క్యాపే.

అసలు ఒడుదొడుకు ఒంటి స్తంభం మీద నిలబడ్డ వ్యాపారంలో ఉంది. ఒకే సరుకు, ఎక్కువగా ఒకే తీరం, దాని వెనక ప్రధానంగా ఒకే విదేశీ మార్కెట్. 2025 ఆగస్టులో అమెరికా మన ఎగుమతుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల కంపెనీల షేర్లు ఒక్కసారిగా కంపించాయి. వాషింగ్టన్‌లో పెట్టిన సంతకానికి భీమవరంలో చెరువు గట్టు మీది లెక్క మారిపోయింది.

ఇదే దెబ్బ పెద్ద కంపెనీకి తగిలితే ఎలా ఉంటుంది? 2020 లాక్‌డౌన్ నాటి రిలయన్స్‌ను తీసుకోండి. ఏప్రిల్‌లో బళ్లు రోడ్డెక్కలేదు, విమానాలు ఎగరలేదు, ప్రపంచమంతా పెట్రోలు గిరాకీ కుప్పకూలింది. రిఫైనరీ వ్యాపారానికి అంతకంటే గడ్డుకాలం ఉండదు. అయితే ఇంట్లో కూర్చున్న జనం అదే సమయంలో ఫోన్లలో డేటా వాడటం పెంచారు, జియో ఉంది. సరుకులు కొంటూనే ఉన్నారు, రిటైల్ దుకాణాలున్నాయి. అన్నిటికీ మించి, డబ్బు కావాల్సినప్పుడు డబ్బు దొరికింది. జియోలో వాటాలు అమ్మి లక్షన్నర కోట్లకు పైగా, రైట్స్ ఇష్యూతో మరో 53 వేల కోట్లు ఆ కొద్ది నెలల్లోనే సమకూర్చే ఏర్పాటు చేసుకుంది.

అదే నెలల్లో ఒక చిన్న ఫ్యాక్టరీ యజమాని బ్యాంకు మేనేజరు చుట్టూ తిరుగుతూ వర్కింగ్ క్యాపిటల్ పరిమితి కాస్త పెంచమని బతిమాలుతున్నాడు. పెద్ద కంపెనీకి, చిన్న కంపెనీకి మధ్య నాకు కనిపించే ముఖ్యమైన తేడా ఇదే. కష్టకాలంలో పెద్దవాడికి అప్పు చవగ్గా దొరుకుతుంది, వాటాదారులు ఇంకా డబ్బు పెడతారు. చిన్నవాడికి ఆ రోజుల్లోనే అప్పు ఖరీదవుతుంది, సరుకు అమ్మినవాడు ముందే డబ్బు అడుగుతాడు, సరుకు కొన్నవాడు బిల్లు నెలల తరబడి తొక్కిపెడతాడు. వ్యాపారం మంచిదే అయినా మధ్యలో చేతిలో పైసలు లేక ఆగిపోవచ్చు.

మిడ్ క్యాప్‌ను ఈ రెంటికీ మధ్య సగటు అనుకుంటారు. నేనలా చూడను. మన దివీస్ ల్యాబ్స్ చరిత్ర అందుకు మంచి ఉదాహరణ. మందుల కంపెనీలకు ముడి రసాయనాలు తయారుచేసే ఈ హైదరాబాద్ కంపెనీకి 2017 మార్చిలో పెద్ద దెబ్బ తగిలింది. విశాఖ దగ్గరి యూనిట్‌లో తయారైన సరుకును అడ్డుకుంటూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దిగుమతి హెచ్చరిక జారీ చేసింది. ఒక్కరోజులో షేరు దాదాపు ఐదో వంతు పడిపోయింది. ఇది చిన్న కంపెనీ కష్టమే, ఒక ప్లాంటు మీద ఎక్కువ ఆధారపడటం. కానీ చౌటుప్పల్‌లో రెండో ప్లాంటు ఉంది, అప్పు దాదాపు లేదు, లోపాలు సరిదిద్దడానికి మనుషులూ డబ్బూ ఉన్నాయి. ఆ ఏడాది చివరికల్లా ఆంక్షలు తొలగాయి. మూడేళ్ల తర్వాత, 2020 సెప్టెంబరులో, అది నిఫ్టీ 50లో చేరింది. మిడ్ క్యాప్ అంటే తరచుగా ఇలాంటి దశ. ఎదగడానికి ఖాళీ ఇంకా ఉంటుంది, ఒక పెద్ద దెబ్బను తట్టుకునే శక్తి వచ్చి ఉంటుంది. రెండో దెబ్బ, మూడో దెబ్బ వెంటవెంటనే తగిలితే తట్టుకుంటుందో లేదో మాత్రం చెప్పలేం. నూటయాభై కంపెనీల్లో కొన్ని పైకి పోతాయి, కొన్ని కిందికి జారతాయి. 2024 సెప్టెంబరులో నిఫ్టీ నుంచి దివీస్ కూడా బయటికి వచ్చింది, అంతమాత్రాన లార్జ్ క్యాప్ కాకుండా పోలేదు.

ఇప్పటిదాకా చెప్పింది కంపెనీ లోపలి సంగతి. షేరు కొనేవారు ఎక్కువగా మరిచిపోయేది బయటి సంగతి, అంటే మనం అమ్మాలనుకున్న రోజు కొనేవాళ్లు ఎందరున్నారన్నది. గుంటూరు మిర్చి యార్డులో రెండు లారీల కాయ దించితే ధర కదలదు. అదే రెండు లారీలు ఒక పల్లె సంతలో దించితే, మొదటి బస్తా విప్పేసరికే ధర పడిపోతుంది. కాయ నాణ్యత రెండు చోట్లా ఒకటే.

లెక్క వేసి చూద్దాం. ఒక చిన్న కంపెనీ షేరు ధర 120 రూపాయలనుకుందాం. రోజుకు సగటున 20 వేల షేర్లు చేతులు మారుతున్నాయి, అంటే 24 లక్షల రూపాయల వ్యాపారం. మీ దగ్గర పది వేల షేర్లున్నాయి, విలువ 12 లక్షలు. కాగితం మీద మీకు 12 లక్షలున్నట్టే. కానీ అమ్మాలంటే ఒక రోజు మొత్తం వ్యాపారంలో సగం మీరే చేయాలి. మామూలు రోజుల్లోనే ఇది కష్టం. ఇప్పుడు ఆడిటర్ రాజీనామా చేశాడన్న వార్త వచ్చింది. ఆ షేరుకు ఎక్స్ఛేంజి పెట్టిన రోజువారీ ధర హద్దు 5 శాతం. పొద్దున్నే 114 దగ్గర లోయర్ సర్క్యూట్ పడుతుంది. అమ్మేవాళ్ల వరుసలో లక్షల షేర్లు, కొనేవాళ్ల వరుసలో సున్నా. మర్నాడు 108.30. ఆ తర్వాత 102.90 దగ్గర, 97.75 దగ్గర, 92.85 దగ్గర. ఐదు రోజుల్లో 22 శాతానికి పైగా పోయింది, మీరు ఒక్క షేరు కూడా అమ్మలేకపోయారు. స్టాప్‌లాస్ పెట్టుకున్నాను కదా అంటారు కొందరు. కొనేవాడు లేనప్పుడు స్టాప్‌లాస్ ఏం చేస్తుంది?

దీనికి పక్కనే సత్యం కంప్యూటర్స్‌ను పెట్టి చూడాలి. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ బయటికి వచ్చింది. ఖాతాల్లో ఉన్నట్టు చూపిన 5,040 కోట్ల నగదు అసలు లేదని ఆయనే రాశారు. నిఫ్టీలో ఉన్న కంపెనీ, హైదరాబాద్‌లో ఎందరో నమ్ముకున్న కంపెనీ. ఒక్కరోజులో షేరు 77 శాతానికి పైగా కూలి 40 రూపాయల దగ్గరికి వచ్చింది. లార్జ్ క్యాప్ అంటే భద్రం అనుకునేవారికి ఇంతకంటే గట్టి జవాబు లేదు. పెద్ద కంపెనీల ఖాతాలను వందల మంది విశ్లేషకులు చూస్తుంటారు, నిజమే, ఆ వందల మందీ మోసపోయారు. అయితే ఒక తేడా గమనించండి. ఆ రోజు కూడా సత్యం షేరు అమ్మాలనుకున్నవాళ్లు అమ్మగలిగారు. డెరివేటివ్స్ ఉన్న పెద్ద షేర్లకు చిన్న షేర్లకున్నట్టు కట్టుదిట్టమైన ధర హద్దు ఉండదు కాబట్టి ధర ఒక్కసారిగా కిందికి జారి, కొనేవాడు దొరికిన చోట ఆగింది. చాలా ఘోరమైన ధరే, కానీ ధరంటూ ఒకటి ఉంది. లార్జ్ క్యాప్ ఇచ్చే భద్రత అంతవరకే.

ఈ బయటికి వచ్చే దారి ఇరుకు ఫండ్ల విషయంలో ఇంకా పెద్ద సమస్య. స్మాల్ క్యాప్ ఫండ్ కొన్నవాళ్లకు తమ డబ్బు రెండు మూడు రోజుల్లో చేతికొస్తుందన్న ధీమా ఉంటుంది. ఫండ్ నడిపేవాడు మాత్రం ఆ డబ్బు తేవడానికి ఇందాక చెప్పుకున్న సంతలోనే షేర్లు అమ్మాలి. 2023లో చిన్న కంపెనీల షేర్లు చెలరేగి, స్మాల్ క్యాప్ ఫండ్లలోకి డబ్బు వెల్లువెత్తడంతో సెబీకి ఈ దిగులే పట్టుకుంది. కొన్ని ఫండ్లు ఏకమొత్తంగా డబ్బు తీసుకోవడం ఆపేశాయి, పెట్టే చోటు లేక. 2024 మార్చిలో అప్పటి సెబీ అధ్యక్షురాలు మాధబి పురి బుచ్ చిన్న షేర్లలో బుడగ లక్షణాలు కనిపిస్తున్నాయని బహిరంగంగానే అన్నారు. రెండు రోజులకు, 13వ తేదీన, నిఫ్టీ స్మాల్ క్యాప్ 100 సూచీ 5 శాతం పడింది. ఆ నెల 15 నుంచి మిడ్, స్మాల్ క్యాప్ ఫండ్లు తమ పెట్టుబడిలో పావు వంతు, సగం అమ్మడానికి ఎన్ని రోజులు పడుతుందో ప్రతి నెలా బయటపెట్టడం మొదలుపెట్టాయి. మొదటి లెక్కల్లోనే పెద్ద స్మాల్ క్యాప్ ఫండ్లలో కొన్నిటికి సగం అమ్మడానికి నెలకు పైగా పడుతుందని తేలింది, ఒకదానికి 60 రోజులు. అది కూడా పోర్ట్‌ఫోలియోలో బొత్తిగా అమ్ముడుపోని ఐదో వంతును పక్కన పెట్టి వేసిన లెక్క. ఫండ్ మంచిదా చెడ్డదా అన్నదానికి ఇది కొలమానం కాదు. ఎంత డబ్బు పోగుపడితే అంత కదలడం కష్టమవుతుందన్నది మాత్రం తెలుస్తుంది.

ఇక ఎంత పడతాయి, ఎంతకాలం పడి ఉంటాయి అన్న ప్రశ్న. 2018 జనవరిలో నిఫ్టీ స్మాల్ క్యాప్ 100 సూచీ 9,600 ప్రాంతంలో ఉంది. అంతకు ముందు ఏడాది, 2017లో, అది యాభై శాతానికి పైగా పెరిగింది, అది చూసి చాలామంది ఆ జనవరిలోనే దిగారు. అప్పటి నుంచి 2018 అంతా పడింది, 2019లో ఇంకొంచెం పడింది, 2020 మార్చిలో కరోనా భయంతో 3,200 దగ్గరికి వచ్చింది. లక్ష పెట్టినవారికి 33 వేలు మిగిలాయి. మూడో వంతుకు పడిపోయినదాన్ని మొదటి స్థానానికి తేవాలంటే మళ్లీ మూడింతలు కావాలి. అదీ జరిగింది, 2021 మధ్యలో. అంటే మూడేళ్లకు పైగా వేచి ఉంటే అసలు తిరిగి వచ్చింది. అదే జనవరిలో నిఫ్టీ 50 సూచీ 11 వేల దగ్గర ఉంది. 2018, 2019 రెండేళ్లూ కాస్తో కూస్తో పెరుగుతూనే వచ్చింది, 2020 మార్చి 23న 7,610కి పడింది, అంటే దాదాపు 30 శాతం నష్టం. స్మాల్ క్యాప్ సూచీ అసలు రాబట్టుకునే నాటికి నిఫ్టీ 15 వేలు దాటి ఉంది.

2020 మార్చిలో భయం లేకుండా స్మాల్ క్యాప్ కొన్నవాళ్లకు మాత్రం పంట పండింది. ఎక్కువ రాబడి చిన్న కంపెనీలదేనని ఒకరూ, కాదు పెద్దవాటిదేనని ఒకరూ వాదించుకుంటుంటారు. ఇద్దరూ తమకు నచ్చిన తేదీ నుంచి లెక్క మొదలుపెడతారు. తేదీ మార్చితే గెలిచేవాడు మారతాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. బాగా పెరిగిన చిన్న కంపెనీ స్మాల్ క్యాప్ సూచీలో నిలవదు, మిడ్ క్యాప్‌కు వెళ్లిపోతుంది. దెబ్బతిని కిందికి జారిన మిడ్ క్యాప్ దాని స్థానంలోకి వస్తుంది. గెలిచినవాళ్లను పంపిస్తూ, ఓడినవాళ్లను చేర్చుకుంటూ సాగే తరగతి అది. అందుకే ఆనాటి అవంతిలాంటి ఒక్క కంపెనీ వందరెట్ల కథ విని సూచీ కూడా అలాగే పెరుగుతుందని అనుకుంటే పొరపాటే. ఒక అవంతి వెనక పేరు కూడా మిగలని పది కంపెనీలుంటాయి, వాటి కథ ఎవరూ చెప్పరు.

చిన్న కంపెనీ షేరు నేరుగా కొనాలనుకునేవారు చూడాల్సినవి చాలానే చెబుతారు. నేను రెండింటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. మొదటిది, లాభం నగదుగా వస్తోందా అన్నది. వార్షిక నివేదికలో లాభనష్టాల పట్టిక చూసి ఆగకుండా రెండు పేజీలు తిప్పితే నగదు ప్రవాహాల పట్టిక వస్తుంది. మూడేళ్లుగా ఏటా 40 కోట్ల లాభం చూపిస్తూ, వ్యాపారం నుంచి వచ్చిన నగదు మాత్రం ఐదారు కోట్లు దాటడం లేదంటే, సరుకు అమ్మారు కానీ డబ్బు రాలేదని అర్థం. రావాల్సిన బాకీలు అమ్మకాల కంటే వేగంగా పెరుగుతుంటే అనుమానం బలపడాలి. పెరుగుతున్న కంపెనీకి కొంతకాలం ఇలా ఉండటం సహజమే, మూడు నాలుగేళ్లు వరుసగా ఉంటే సహజం కాదు.

రెండోది ప్రమోటర్లు తమ షేర్లను తాకట్టు పెట్టారా అన్నది. ప్రతి మూడు నెలలకూ ఎక్స్ఛేంజికి ఇచ్చే వాటాల వివరాల్లో ఇది ఉంటుంది. తాకట్టు ఎక్కువగా ఉన్న షేరు ధర పడితే అప్పిచ్చినవాడు ఇంకా షేర్లు అడుగుతాడు, లేకపోతే ఉన్నవి అమ్మేస్తాడు. కొనేవాడే లేని మార్కెట్‌లో ఆ అమ్మకం ధరను ఇంకా కిందికి తోస్తుంది. అది చూసి ఇంకొకడు అమ్ముతాడు. పెద్ద కంపెనీల్లోనూ ఇది జరుగుతుంది, కానీ చిన్నవాటిలో ఒకసారి మొదలైతే మధ్యలో ఆపే చెయ్యి ఉండదు. ఎక్స్ఛేంజి సైటులోనే ఆ షేరు ధర హద్దు ఎంతో, రోజుకు ఎన్ని షేర్లు డెలివరీ అవుతున్నాయో, అదనపు నిఘా జాబితాలో ఉందో లేదో కూడా కనిపిస్తుంది. కొనే ముందు ఐదు నిమిషాల పని.

ఫండ్ ద్వారా వెళ్లేవారికి పేరును బట్టి ఒక అంచనా ఉంటుంది, ఆ అంచనాకూ ఒక హద్దుంది. లార్జ్ క్యాప్ ఫండ్ తన డబ్బులో కనీసం 80 శాతం మొదటి వంద కంపెనీల్లో పెట్టాలి, మిగతా 20 ఎక్కడైనా పెట్టుకోవచ్చు. మిడ్ క్యాప్, స్మాల్ క్యాప్ ఫండ్లకు ఈ కనీసం 65 శాతమే. అంటే స్మాల్ క్యాప్ ఫండ్‌లో మూడో వంతు దాకా పెద్ద షేర్లు, నగదు ఉండొచ్చు, కొన్ని ఫండ్లు కావాలనే ఉంచుకుంటాయి, జనం ఒక్కసారిగా డబ్బు వెనక్కి అడిగితే ముందు అమ్మేవి అవే కాబట్టి. మీ ఫండ్ నెలనెలా ఇచ్చే ఫ్యాక్ట్‌షీట్‌లో ఈ వాటాలు, సగం అమ్మడానికి పట్టే రోజులు దగ్గరపెట్టుకుని, ఆరు నెలల కిందటి కాగితంతో పోల్చి చూడండి. పెద్ద షేర్లు, నగదు తగ్గుతూ, అమ్మే రోజులు పెరుగుతూ పోతుంటే, మీకు తెలియకుండానే మీ డబ్బు సంత చివరికంటా వెళ్లిందని తెలుస్తుంది.